వెల్వెట్టు మీద మిగిలిన గీత

మా పక్కింటి స్వర్ణకుమారి చేతి మగ్గం పని చోడవరం చుట్టుపక్కల పెళ్లిళ్లవాళ్లందరికీ తెలుసు. మాడుగుల బస్సు దిగి, సంచిలో జాకెట్టు గుడ్డ పెట్టుకుని మా సందులోకి వచ్చే ఆడవాళ్లకు దారి అడిగే పని కూడా ఉండదు. మనిషి మంచిదే. కానీ ఎవరైనా "పాత పద్ధతి" అన్నారంటే ఆ రోజు ఆవిడకు అన్నం సయించదు. ఆ ఒక్క గుణం లేకపోతే ఈ సంగతి చెప్పాల్సిన అవసరం నాకు వచ్చేది కాదు.

ముదురు రంగు గుడ్డ మీద, అందులోనూ సాగే గుడ్డ మీద డిజైన్ ఎక్కించడం ఎవరికైనా తలనొప్పే. పెన్సిల్ గీత కనబడదు. సూదితో పొడిచిన కాగితం మీద తెల్లపొడి కిరోసిన్‌లో కలిపి అద్దితే పట్టుకు సరిపోతుంది గానీ, వెల్వెట్టు నూగులోకి దిగితే పోదు. స్వర్ణ పద్ధతి వేరు. ముందు మగ్గానికి మామూలు నూలుగుడ్డ బిగించేది. దాని మీద సాగే గుడ్డను లాగకుండా పరిచి, పెద్ద కుట్లతో నిలిపేది. డిజైన్ గీసిన పల్చటి కాగితాన్ని పైన పెట్టి, గుడ్డ రంగు దారంతోనే గీతల వెంట చిన్న చిన్న కుట్లు వేసి, కాగితం మెల్లిగా చింపేసేది. ఆ దారం మీదే పూసలూ జరీ. ఇక మచ్చ పడే దారేది?

ఇంత తెలిసిన మనిషి అక్క కూతురి జాకెట్టు దగ్గరే పొరబడింది.

అక్క మిరియం పోయిన వానాకాలంలో చనిపోయింది. పోయేముందు కూతురు జెస్సికా రిసెప్షన్ చీర మీదకు ముదురు నీలం వెల్వెట్టు ముక్క కొనిపెట్టింది, రబ్బరులా సాగే రకం. తల్లి చేత్తో కొన్న ఆఖరి వస్తువు అదే. జెస్సికా దాన్ని తెచ్చి పిన్ని ఒళ్లో పెట్టి, పెళ్లినాటికి ఇమ్మని చెప్పి, వైజాగ్‌లో నర్సు ఉద్యోగానికి వెళ్లిపోయింది.

పట్నంలో ఉండే పిల్ల కదా, తనను పాతకాలం మనిషి అనుకుంటుందేమోనని స్వర్ణకు బెంగ పట్టుకుంది. ఫోన్లో ఏదో వీడియో చూసి, వేడి తగిలితే మాయమైపోయే తెల్లపెన్ను తెప్పించింది. ఎర్ర నూలుగుడ్డ మీద గీసి ఇస్త్రీ చేస్తే గీత ఇట్టే పోయింది. నన్ను పిలిచి మరీ చూపించింది. ఆ నీలం గుడ్డ అంచునే, కుట్టులోకి పోయేచోట, గోరంత గీసి చూడమని చెప్పాలని నాకూ తోచలేదు. నాకు తెలిస్తే కదా!

నూలుగుడ్డ అడుగున పెట్టలేదు. డిజైన్ చక్కగా గీయాలని వెల్వెట్టునే మగ్గానికి గట్టిగా లాగి కట్టింది. గీసింది, జాకెట్టు వీపు భాగం మీద పూలతీగ కుట్టింది. మగ్గం నుంచి విప్పగానే గుడ్డ వెనక్కి ముడుచుకుని తీగంతా కుచ్చుపడింది. ఏడుస్తూ విప్పి, ఈసారి లాగకుండా, కాస్త పక్కగా మళ్లీ కుట్టింది. పాత గీతలు ఇస్త్రీతో పోతాయన్న ధైర్యం. వెనకవైపు నుంచి వేడి తగిలించింది. తెలుపు పోయింది. పోయినచోట రంగు వెలిసినట్టు బూడిదరంగు గీతలు మిగిలాయి. ఉతికినా అవి కదల్లేదు.

ఇంకో గుడ్డ కొందామన్నాను. నా వైపు ఒక్క చూపు చూసి, అక్క కొన్న ఆ గుడ్డనే జాకెట్టు కుట్టించింది.

రిసెప్షన్‌లో జెస్సికా వీపు చుట్టూ కొంగు తిప్పి, రెండు భుజాల మీదా పిన్నులు పెట్టుకుంది. ఆ ఎండల్లో చెమటలు కారుతున్నా కొంగు తీయలేదు. చర్చిలో వాళ్లు ఎంత పద్ధతైన పిల్లో అని మెచ్చుకున్నారు. స్వర్ణ బిర్యానీ ముట్టలేదు.

వెళ్లేముందు పెళ్లికూతురు పిన్ని దగ్గరకు వచ్చింది. స్వర్ణ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, పెన్ను సంగతంతా చెప్పేసింది. నువ్వు నన్ను పాతకాలం మనిషి అనుకుంటావని భయపడ్డానంది. జెస్సికాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే నయం.

"కొట్టోడు ఈ గుడ్డ వద్దన్నాడు పిన్నీ, దీని మీద పని చేస్తే మచ్చలు పడతాయన్నాడు," అంది. "అమ్మే ఇనలేదు. మా స్వర్ణ కాయితం పెట్టి కుడతాది, నాకేటి భయం అన్నాది. అందుకే కొన్నాది."

ఆ తర్వాత స్వర్ణ మళ్లీ కాగితమే పెడుతోంది. ఎవరి గుడ్డా పాడవలేదు. మొన్న ఒకావిడ ముదురు వెల్వెట్టు తెచ్చి, మచ్చ పడదు కదమ్మా అని అడిగితే, పడదమ్మా అని చెప్పి స్వర్ణ లోపలికి వెళ్లింది. గుడ్డ తెచ్చినావిడా నేనూ ఖాళీ మగ్గం ముందు కూర్చుని ఎదురుచూశాం; ఆమె ఎంతకీ బయటికి రాలేదు.