రెండు లైన్ల అక్క

ఆఫీసులో ఆమెను అందరూ రెండు లైన్ల అక్క అనేవారు. ఆసుపత్రి యంత్రాలకు విడిభాగాలు సరఫరా చేసే కంపెనీ అది. ఎవరు సెలవు పెట్టినా, తాము లేనప్పుడు మెయిల్‌కు దానంతటదే వెళ్లే జవాబు కోసం ఆమె బల్ల దగ్గరికి రావాల్సిందే. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉండరు, అత్యవసరమైతే ఎవరిని ఏ నంబరులో సంప్రదించాలి. రెండు లైన్లు, కింద పేరు, హోదా, విభాగం, ఫోను. అంతకు మించి ఒక్క మాట రాయనిచ్చేది కాదు.

"మా మరదలి పెళ్లని రాస్తే తప్పేంటక్కా?" అని అడిగేవారు.

"వాళ్లకు కావాల్సింది సామాను. మీ మరదలు కాదు."

ఇంకో పట్టింపు కూడా ఉండేది. సంప్రదించమని ఎవరి పేరు రాస్తామో, వాళ్లను ముందు అడిగి ఒప్పించాలి. కందకు లేని దురద కత్తిపీటకెందుకని వెనక నవ్వుకునేవాళ్లు నవ్వుకునేవారు.

ఆమె మాట చెవిన పెట్టనిది డిప్యూటీ మేనేజరు ఒక్కడే. మెయిల్ కింద అతని సంతకం చాంతాడంత. మూడు ఫోన్లు, అటకెక్కిన ఫ్యాక్స్ నంబరు, గులాబీ బొమ్మ, దాని పక్కన ఓ సూక్తి. హోదా మాత్రం బొద్దక్షరాల్లో. ఆమె సంతకం కింద ఏళ్ల తరబడి 'సహాయకురాలు' అనే ఉంది. విభాగం మొత్తాన్ని నడిపేది ఆమే. ఈ ఏడాది నిన్ను విభాగాధిపతిని చేస్తానని డైరెక్టరు మాటిచ్చాడు. ఆ ఒక్క మాట మీద ఆమె చాలా అవమానాలు దిగమింగింది.

అంతలో అమ్మకు మోకాలి ఆపరేషన్ వచ్చిపడింది. సెలవు పెట్టే ముందు డిప్యూటీ గదికి వెళ్లింది.

"నా జవాబులో మీ పేరు రాయమంటారా సార్? ఈ వారమంతా మీరు ఉంటారా?"

"ఉండక ఎక్కడికి పోతానమ్మా. రాసుకో."

రాసుకుంది. తేదీలు రెండుసార్లు చూసుకుని, కంపెనీ బయటివాళ్లకు కూడా వెళ్లేలా పెట్టి ఇంటికెళ్లింది.

మర్నాడే ఆ మహానుభావుడు బావమరిదితో షికారుకు బయల్దేరాడు. పోతూ పోతూ తనూ ఒక జవాబు పెట్టాడు. ప్రకృతి ఒడిలో సేద తీరడం గురించి ఓ పేరా, తేదీల ఊసే లేదు, చివర్లో 'ఏ అవసరమున్నా మా సహాయకురాలిని సంప్రదించండి' అని ఆమె పేరు, ఆఫీసు ఫోను. ఆమెను అడగలేదు. ఆమె సెలవులో ఉందన్న సంగతే అతనికి గుర్తులేదు.

ఆ వారంలోనే ఒక చిన్న డయాలసిస్ కేంద్రంలో నీళ్లు శుద్ధి చేసే యంత్రం పంపు పాడైంది. అది లేకపోతే అక్కడ ఏ మంచమూ నడవదు. కేంద్రం నర్సమ్మ మన రెండు లైన్ల అక్కకు మెయిల్ చేస్తే డిప్యూటీని అడగమని జవాబొచ్చింది. అతని ఫోను పలకలేదు. మెయిల్ చేస్తే అక్కను అడగమని వచ్చింది. అక్కకు మళ్లీ రాస్తే ఈసారి ఏ జవాబూ రాలేదు. ఆ జవాబు ఒక మనిషికి ఒక్కసారే వెళ్తుంది మరి. అక్కే సెలవు ముగియకముందే తిరిగొచ్చి చూస్తోంది కాబోలు అనుకున్నారు వాళ్లు. తాళం వేసిన గదిలో ఆమె ఫోను మోగి మోగి ఆగిపోయింది.

ఆమె తిరిగొచ్చేసరికి ఆ కేంద్రం కంపెనీతో తెగతెంపులు చేసుకుంది. డైరెక్టరు పిలిపించాడు.

"ఊరందరికీ పాఠాలు చెప్తావు కదమ్మా. నీ దగ్గరే ఇలా అయితే ఎలా?"

"సార్‌ని అడిగే పేరు రాశానండి."

డిప్యూటీ కిటికీలోంచి బయటికి చూస్తూ, "నన్నెవరూ అడగలేదు సార్," అన్నాడు.

అడ్డగోలు అబద్ధం. కానీ నోటిమాటగా అడిగినదానికి సాక్ష్యం ఎక్కడిది? ఆ నెల డిప్యూటీ బొద్దక్షరాల హోదాకు విభాగాధిపతి అని కూడా తోడైంది. ఆమెకు ఒళ్లు మండిపోయింది, ఇంటికెళ్లి ఏడ్చింది. అయినా నేను రాసింది తప్పు కాదు కదా అన్న ఒక్క ధైర్యం మిగిలింది. ఆ ధైర్యంతోనే డయాలసిస్ కేంద్రానికి వెళ్లి, జరిగిందంతా నర్సమ్మకు చెప్పుకుంది.

నర్సమ్మ కోప్పడలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

"ఆయన రాసిందాంట్లో మీ పేరొక్కటే చూసుకుని మిగతాది వదిలేశాం మేడం. అదొక్కటే దిక్కయి ఉంటే ఆ పూటే వేరే కంపెనీని అడిగేవాళ్లం. మీది స్పష్టంగా ఉంది. మీరు రాశారంటే జరుగుతుందని రెండు రోజులు ఆగాం. డయాలసిస్‌కు వచ్చినవాళ్లను రేపు రమ్మని పంపేశాం. అందులో ఒక పెద్దాయన మళ్లీ రాలేదు."