చాటలో గుప్పెడు పప్పు

డిగ్రీలో మూడు సబ్జెక్టులు నన్ను వదలలేదు. దాంతో నేనే డిగ్రీని వదిలేసి, యానాంలో మా పెదనాన్న కిరాణా కొట్లో కాటా ముందు కూర్చున్నాను. రెండువేల ఆరో, ఏడో. చదువు తూకానికి రాలేదు కాబట్టి తూకమే చదువనుకున్నాను. ఆ చదువులో మాత్రం నాకు కొంచెం పేరొచ్చింది. గుప్పెడు గింజలు చూపిస్తే కందిపప్పులో కొత్తదేదో, నిరుడిదేదో చెప్పేవాణ్ణి. జీలకర్రలో సోంపు దూరితే పట్టేసేవాణ్ణి. పెదనాన్న వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు: "మావాడికి పరీక్షలో ప్రశ్నే కనపడదు గానీ పప్పులో పురుగు కనపడుద్దండి."

ఆ పేరే నా కొంప ముంచింది.

మెట్టకూరులో రొయ్యల చెరువులున్న ఒకాయన తన కూతురి పెళ్లికి సరుకంతా మా దగ్గరే తీసుకున్నాడు. అందులో కందిపప్పు ఒక బస్తా. వంటకి కనకాలపేట మేస్త్రి. ఆ చుట్టుపక్కల ముప్ఫై ఏళ్లుగా పెద్ద గరిటె ఆయనదే. పెళ్లి భోజనాల్లో ముద్దపప్పు ఉడకలేదు. సగం మెత్తబడింది, సగం గింజగింజగా పంటి కింద కటుక్కుమంది. మగపెళ్లివారి బంతిలో ఎవరో విస్తరి ముందు నుంచి లేచి, "ఏవండీ, నెయ్యి వేశారు సరే, సుత్తి కూడా వెయ్యండి" అన్నాడట. ఆ మాట సాయంత్రానికల్లా ఫరంపేట దాకా వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే పెళ్లికూతురి తండ్రి మా కొట్టుకొచ్చాడు. ఆయన వెనకే మేస్త్రి. ఇద్దరి మధ్యా ఒక బస్తా పట్టేంత దూరం, ఆ దూరం నిండా కోపం.

"మీ పప్పేనండీ ఉడకనిది," అన్నాడు మేస్త్రి గుమ్మంలోంచే.

పెదనాన్న కుర్చీలోంచి లేవలేదు. "నా పప్పు యానాం మొత్తం ఉడుకుతోంది. నీ పొయ్యి మీదే ఉడకలేదా?"

"ఇద్దరూ ఆగండి," అన్నాడు పెళ్లికూతురి తండ్రి. "నాకు తెలుసు ఏం జరిగిందో. బస్తా ముందురోజు సాయంత్రం నుంచీ వంటవాళ్ల దగ్గరే ఉంది. మంచి పప్పు దాటించేసి, లంకపప్పు కలిపేశారు. అది తింటే కాళ్లు పడిపోతాయంటారు. నా వియ్యంకుడి కాళ్లు పడిపోతే నేనేం కావాలి?"

లంకపప్పంటే కేసరిపప్పు. కందిపప్పులో దొంగతనంగా కలిసే సరుకు. వంటవాడి మీద ఆ మాట పడిందంటే ఇక ఏ పెళ్లివారూ అతణ్ణి పిలవరు. మేస్త్రి మొహం కాలిన మూకుడులా అయిపోయింది.

"నేను దొంగనాండి? ముప్ఫై ఏళ్లండి! మీ పెళ్లికి కూడా నేనే వండాను, మర్చిపోయారా?"

"అప్పుడు ఉడికింది కదా, అందుకే గుర్తులేదు."

సాక్ష్యంగా గింజ కూడా మిగల్లేదు. బస్తా మొత్తం డేగిసాల్లో పోశారు. తినగా మిగిలింది గేదెల తొట్టెల్లో పోశారు. గేదెలు ఫిర్యాదు చెయ్యలేదు, కానీ వాటి సాక్ష్యం ఎవరికి కావాలి?

అప్పుడు మేస్త్రికి ఒకటి గుర్తొచ్చింది. పొయ్యి వెలిగించే ముందు మావైపు పెళ్లిళ్లలో ఒక పద్ధతుంది. బస్తా కుట్టు విప్పగానే ఇంటి పెద్ద చెయ్యి పెట్టి గుప్పెడు పప్పు, పక్క బస్తాలోంచి గుప్పెడు బియ్యం తీసి చాటలో పోస్తాడు. ఆ చాటకి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాకే పొయ్యి ముట్టిస్తారు. "ఫొటోలబ్బాయి దాన్ని తీశాడండి. ఆ ఫొటో చూపించండి, మీ పేరుమోసిన కుర్రాడే చెప్తాడు, అదేం పప్పో!" అన్నాడు నావైపు చూస్తూ. ఆయన చూపులో గౌరవం లేదు. సవాలుంది.

ఫొటో మూడోరోజు మధ్యాహ్నం వచ్చింది. స్టూడియోవాళ్లు పెద్దది చేసి, పుస్తకమంత కాగితం మీద వేశారు. వెనకాల పేరు లేదు, తేదీ లేదు. ఒక చాట, రెండు కుప్పలు, అంచున ఎవరిదో చెయ్యి. పెళ్లికూతురి తండ్రి దాన్ని కాటా పళ్లెంలోనే పెట్టాడు, తూచమన్నట్టు. మేస్త్రి ముందుగా తీసుకుని, చెయ్యి బారచాచి పట్టుకుని, తల వెనక్కి వాల్చి చూశాడు. మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు. చత్వారం వచ్చిందని ఎవరికీ తెలియనివ్వని మనిషి అలాగే చూస్తాడు. నాకర్థమైంది. మిగతావాళ్లకి కాలేదనుకుంటాను.

పెదనాన్న నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. బల్ల కింద ఆయన కాలు నా కాలి మీద పడింది. "చూసి చెప్పరా. లంకపప్పేగా?" అన్నాడు. లంకపప్పయితే తప్పు మేస్త్రిది. అసలు కందిపప్పయితే వండటం రానిది మేస్త్రికి. ఏది చెప్పినా మేం బయటపడతాం. పెదనాన్న లెక్క అది. నాకూ అదే లెక్క బాగుందనిపించింది. నిజం చెప్పినా నష్టం లేనప్పుడు అబద్ధం ఎందుకు?

ఫొటోలో అంతా పసుపు. పప్పు పసుపు, బియ్యం పసుపు, చెయ్యి పసుపు, చాట కూడా పసుపే. మొదట మేస్త్రి పసుపు ఎక్కువ రాశాడనుకున్నాను. తర్వాత బియ్యం చూసి తెలిసింది. పెళ్లి పందిరికి పసుపుపచ్చ షామియానా కట్టారు, ఆ గుడ్డలోంచి వచ్చిన ఎండ ప్రతిదానికీ రంగేసింది. తెల్ల బియ్యమే పసుపుగా ఉన్నచోట పప్పు రంగుని నమ్మి తీర్పు చెప్పడం కుదరదు. రంగు పక్కనపెట్టి ఆకారం చూడాలి.

"లంకపప్పు కాదు," అన్నాను.

పెదనాన్న కాలు బరువెక్కింది.

"ఎలా చెప్తావు?" అన్నాడు పెళ్లికూతురి తండ్రి.

"లంకపప్పు బద్ద నలుచదరంగా ఉండి, ఒకవైపు గొడ్డలి అంచులా ఏటవాలుగా కోసినట్టుంటుందండి. ఇందులో మూలలున్న బద్ద ఒక్కటీ లేదు. అన్నీ గుండ్రమే. శనగపప్పూ కాదు, దానికి పైన ముడతలు, కొసన ముక్కు ఉంటాయి."

"అయితే కందిపప్పే," అన్నాడు పెదనాన్న తెరిపినపడి. "వండటం రాదని చెప్పు!"

అక్కడితో నోరు మూసుకోవాల్సింది. కానీ అలవాటైన కన్ను గింజల్లో పడ్డాక నోటి మాట వినదు. మా కందిపప్పుకి నూనె పట్టిస్తాం, బద్ద వెలుగు తగిలితే కొంచెం నిగనిగలాడుతుంది. ఫొటోలో కొన్ని బద్దలకే ఆ నిగనిగ ఉంది, మిగతావి పొడిగా, సుద్దలా ఉన్నాయి. పక్కన బియ్యం ఉండటం మంచిదైంది, కొలబద్దలా. మెరిసే బద్దలు బియ్యపుగింజ పొడవుకి అటూఇటూ. మెరవని బద్దలు దాన్ని దాటి ఉన్నాయి. బోర్లా పడ్డవి సగం బంతిలా లావుగా, వెల్లకిలా పడ్డవి నిండు చందమామలా. కంది బద్ద కొంచెం పలుచన, అంచు దగ్గర కాస్త అణిగి ఉంటుంది.

"ఇందులో సగం బఠానీ పప్పండి," అన్నాను. "కందిపప్పుతో పాటు ఉడకదది. వెనకబడిపోద్ది."

పెదనాన్న వెంటనే అందుకున్నాడు. "విన్నారా? లంకపప్పు కాకపోతే బఠానీ! ఏదైతేనేం, కలిపింది వీడే. రాత్రంతా బస్తా వీడి దగ్గరుంది. కుట్టు విప్పి మళ్లీ కుట్టడం ఎంతసేపు?"

"అంతేనయ్యా," అన్నాడు పెళ్లికూతురి తండ్రి. "ఇక నా గుమ్మం తొక్కకు. నీ గరిటె ఈ ఊళ్లో తిరగదు."

మేస్త్రి నావైపే చూస్తున్నాడు. "చిన్నోడా, ఎంత చక్కగా చెప్పావురా. నా మెడకి తాడు కూడా గుండ్రంగానే పేనావు."

అప్పుడు నా కన్ను కొట్లోకి మళ్లింది. మూలన, మిరపకాయల బస్తా పక్కన, బజ్జీల బండ్లవాళ్లకి పిండి పట్టించే బఠానీ పప్పు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

మా కొట్లో శుక్రవారం సాయంత్రం అడుగంటిన గోనె ఉండకూడదు. అరిష్టమని పెదనాన్న నమ్మకం. ఏ గోనెలో అడుగు మిగిలినా అదే సరుకున్న ఇంకో బస్తాలో పోసి, ఖాళీ గోనె దులిపి మడతపెట్టాలి. గోనెలు తిరగేసి కుట్టినవి, పైన పేరుండదు. పెళ్లికి ముందు శుక్రవారం ఆ పని నాదే. సినిమాకి టైమైపోతోంది. రెండు పసుపు బద్దలు చూశాను, ఒకదాన్ని ఇంకోదాని మీద పోశాను, ఎర్రదారంతో మూతి కుట్టేశాను. పెళ్లికి వెళ్లింది ఆ బస్తానే. చూశాననడం కూడా గొప్పే. పప్పులో పురుగుని పట్టే కన్ను పప్పులో పప్పుని పట్టలేదు. పప్పులో కాలెయ్యడం అందరికీ సామెత, నాకు ఉద్యోగం.

"ఆయన కలపలేదండి," అన్నాను. "నేనే పోశాను. శుక్రవారం. అడుగు గోనె."

పెదనాన్న కాలు తీశాడు. చెయ్యి వేశాడు. ఆ చెంపదెబ్బ చప్పుడుకి ఎదురు కొట్లోవాళ్లు బయటకొచ్చారు. "మూడు సబ్జెక్టులు తప్పింది చాలదా? నాలుగోది నా కొట్లో తప్పాలా?"

పెళ్లికూతురి తండ్రి ఫొటో తీసుకుని జేబులో పట్టదని తెలిసీ జేబులో కుక్కాడు. మేస్త్రికి క్షమాపణ చెప్పలేదు, ఆ జాతి కాదాయన. గుమ్మం దాటబోతూ, ఆయన మొహం చూడకుండా, "శ్రావణంలో మావాడి పెళ్లి. వచ్చి లిస్టు రాయి," అన్నాడు.

"వస్తానండి," అన్నాడు మేస్త్రి. "పప్పు మాత్రం కాకినాడ నుంచి తెప్పించండి."

ఆయన వెళ్లకుండా నా దగ్గరకొచ్చాడు. మెచ్చుకుంటాడేమో అనుకున్నాను. వాచిన చెంప మీదే వెటకారంగా చెయ్యి వేసి, గొంతు తగ్గించి అన్నాడు: "మొన్ననే చెప్పుంటే ముప్ఫై ఏళ్ల పేరు మూడ్రోజులు బజార్లో ఉండేది కాదు. నిన్ను నేను క్షమించను. ఇంకోటి. ఫొటో చూసినప్పుడు నువ్వు నన్ను చూశావు. ఆ సంగతి నోట్లోంచి వచ్చిందో..."

"దేని సంగతండి?" అన్నాను.

ఆయన కాసేపు నన్ను తూచినట్టు చూసి వెళ్లిపోయాడు.

నెల దాకా పెదనాన్న నన్ను కాటా దగ్గరకి రానివ్వలేదు. ఖాళీ గోనెలు దులపడం, మడతపెట్టడం, అంతే. శ్రావణంలో ఆ పెళ్లికి మాకు పిలుపు రాలేదు. మెట్టకూరు నుంచి వచ్చినవాళ్లు చెప్పారు, పప్పు వెన్నలా ఉందని, మేస్త్రి కళ్లజోడు పెట్టుకుని బస్తా మూతి తనే విప్పాడని. చాటలో పోసిన గుప్పెడు ఎండలోకి పట్టుకెళ్లి, ఒక్కో బద్ద తిప్పి చూశాకే కొబ్బరికాయ కొట్టనిచ్చాడట.