పుస్తకంలో ఎక్కని రెండు ఆదివారాలు

విశ్వాసమ్మ దేవుని వాక్యంలో తన మాటలు కలిపిందనీ, అందుకే కర్నూలు మిషను అచ్చాఫీసువాళ్లు ఆమెను మాన్పించారనీ ఊరంతా చెప్పుకున్నారు.

"పౌలు రాసిన పత్రికలు చాలలేదంట! ఈమె ఇంకొకటి రాసి మధ్యలో దూర్చిందంట," అని గురమ్మ బావి దగ్గర అంటే నీళ్లకు వచ్చిన ఆడవాళ్లందరూ నవ్వారు.

ఆ మాట విన్నప్పుడల్లా ఏసేపు తల వంచుకునేవాడు. అతను ఆ ఆఫీసులో గుమాస్తా.

విశ్వాసమ్మ నెలజీతం మనిషి కాదు. ఊరికి నాలుగు మైళ్ల దూరంలోని పల్లెలో ఉంటూ, అచ్చు వేసే ముందు ప్రూఫులు ఇంట్లోనే దిద్ది పంపేది. పదహారు పేజీల ఫారం ఒక్కోదానికి ఇంత అని కూలి. తొమ్మిదేండ్లుగా అదే ఆమె బతుకు, అదే ఆమె గౌరవం కూడా. పొలం పనికి పోయే ఆడవాళ్లు దారిలో ఆగి, అరుగు మీద ఎర్రసిరాతో గీతలు గీస్తున్న ఆమెను వింతగా చూసేవాళ్లు.

ఒప్పందంలో నాలుగో షరతు ఇది: ప్రూఫులు బుధవారం సాయంత్రానికి ఆఫీసులో ఉండాలి. ముందుగా గడువు పొందకుండా ఏడాదిలో మూడుసార్లు ఆలస్యమైతే, ముప్పై రోజుల రాతపూర్వక నోటీసుతో ఒప్పందం ముగించవచ్చు.

మాన్పించిన ఏడు ఫిబ్రవరిలో ఆమెకు కండ్లకలక వచ్చింది. మే నెలలో తమ్ముణ్ణి మట్టి చేశారు. రెండుసార్లూ ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీద ఏసేపును ఆపి గడువు అడిగింది. వారంలో ఆమె ఊళ్లోకి వచ్చేది ఆ రోజూ, బుధవారమూ మాత్రమే.

"దానికేమక్కా, ఈ బుధవారం కాకుంటే పై బుధవారం తెచ్చియ్యి. నేను రాసుకుంటాలే," అన్నాడతను.

కానీ ఆదివారంనాడు ఏసేపు కలం ముట్టడు. వాళ్ల తాత కాలం నుంచీ ఆ ఇంట్లో అదే కట్టడి. మరునాడు పొద్దున్నే ఆఫీసుకు పోయి రాద్దామనుకునేవాడు. సోమవారం వందపనులు మీదపడేవి. రెండుసార్లూ మరిచిపోయాడు.

ఆగస్టులో జొన్న కలుపుకు పోయి ఆమె నిజంగానే రెండు రోజులు ఆలస్యం చేసింది. సూపరింటెండెంటు సుందరంగారు రిజిస్టరు తిప్పి మూడు తేదీల మీద వేలుపెట్టాడు. ఆయన చెడ్డవాడు కాడు. కాగితం మీద ఉన్నదే నమ్మేవాడు.

"ముందుగా మనం ఎప్పుడైనా గడువు ఇచ్చినామా, ఏసేపూ?"

గడువు ఇచ్చే అధికారం గుమాస్తాకు లేదు.

"పుస్తకంలో లేదండీ," అన్నాడు.

నోటీసు అతని చేతే రాయించారు. "1928 జులై 2న మనం రాసుకున్న ఒప్పందం నాలుగో షరతు ప్రకారం" అని మొదలుపెట్టి, మూడు గడువు తేదీలూ, ప్రూఫులు అందిన మూడు తేదీలూ వేశాడు. ఈ నోటీసు అందిన ముప్పై రోజులకు ఒప్పందం ముగుస్తుందనీ, అప్పటిదాకా చేసిన పనికి కూలి ముడుతుందనీ, తమ వద్ద ఉన్న రాతప్రతులు తిరిగి ఇవ్వాలనీ, ఆక్షేపణ ఉంటే పది రోజుల్లో రాసి పంపాలనీ చేర్చాడు. నిందమాట ఒక్కటీ లేదు. నకలు ఫైలులో పెట్టి, ప్రతి వారం కళ్లెదుట కనబడే మనిషికి రిజిస్టరు టపాలో పంపాడు.

తొమ్మిదో రోజు విశ్వాసమ్మ రాతప్రతులు సంచిలో పెట్టుకుని వచ్చింది. సుందరంగారు లోపల యంత్రం దగ్గర ఉన్నాడు.

"శానా చక్కంగా రాసినావప్పా. యాడా కొట్టివేత లేదు," అంది నోటీసు బల్ల మీద పెట్టి.

"అక్కా..."

"గుడి మెట్ల మీద నువ్వు సరేనన్న మాట ఇందులో యాడుండాది?"

ఏసేపు సిరాబుడ్డి మూత బిగించాడు. ఆమె రాతప్రతుల సంచి విప్పింది.

"రేపటిదాకా టైముండాది, నేను రాసియ్యచ్చు. రాస్తే నీ కూడు పోతాది. ముగ్గురు బిడ్డలు గలోనివి."

"నేనే సుందరం అయ్యగారితో చెప్తానక్కా."

"చెప్తే చెప్పు. నేనైతే అడగను."

రాతప్రతులు ఒక్కొక్కటే లెక్కపెట్టించి, ముట్టినట్టు అతని చేత రసీదు రాయించుకుని పోయింది. ఏసేపు రెండుసార్లు లోపలి తలుపుదాకా పోయాడు. రెండుసార్లూ యంత్రం చప్పుడు ఆగాక చెబుదామనుకున్నాడు. అది ఆగేసరికి సుందరంగారు ఇంటికి వెళ్లిపోయాడు. మరునాటితో గడువు తీరింది. ఫైలులో ఆక్షేపణ ఏదీ చేరలేదు.

ఆ తర్వాత ఆమె ప్రూఫులు ముట్టలేదు. చనిపోయేదాకా కలుపుకూ కోతకూ పోయింది. ఆదివారం గుడిలో ఏసేపు ఎదురైతే బిడ్డల బాగోగులు అడిగేది.

తొమ్మిదేండ్లలో ఆమె వాక్యంలో ఒక్క మాటా కలపలేదు. గడువు అడగకుండా ఆలస్యం చేసింది కూడా ఒక్కసారే.