తేటగా కనిపించిన మందు

లింగాల ఊళ్లో ఒళ్లునొప్పులకు మందిచ్చే జమ్ములమ్మకు నాభి అనే విషపు వేరంటే మొదటినుంచీ భయమే. పని నేర్పింది అత్త. వేరును నువ్వుల నూనెలో కాస్తే తిమ్మిరెక్కించే గుణం నూనెకు పడుతుంది. అది పైపూతకే, పుండు మీద పడితే ప్రమాదం. నీళ్లలో పొద్దు తిరిగేదాకా మరిగిస్తే వేరులోని గంజీ జిగటా దిగి కషాయం చిక్కబడుతుంది. ఆ మరుగులోనే విషం చాలామట్టుకు విరిగిపోతుంది. అలా కాచిందే ఆమె తాగడానికి ఇచ్చేది, అదీ ఒక్క గరిటె.

ఆ వానాకాలం పట్టిన ముసురుకు కట్టెలు తడిసి పొయ్యి రాజలేదు. మోకాళ్లు వాచిన ఎల్లన్న మూడోనాటికి దొర మూటలు మోయడానికి వెట్టికి పోవాలి. పోకుంటే కొరడా దెబ్బలు. అతని భార్య రాధమ్మ రోజూ వచ్చి గుమ్మంలో కూర్చునేది. చేసేదిలేక జమ్ములమ్మ వేరును ఇప్పసారాలో నానేసింది.

మూడోనాటి పొద్దున చూస్తే సారా తేటగా ఉంది. చిక్కదనం లేదు గనక బలమూ లేదనుకుంది. సారా గంజిని ముట్టదనీ, విషాన్ని మాత్రం లాగేస్తుందనీ, మరుగు తగలని ఆ విషం విరగదనీ ఆమెకు చెప్పినవాళ్లు లేరు. రాధమ్మ నడిపించుకొచ్చిన ఎల్లన్నకు, కషాయం పోసే గరిటెతోనే పోసింది.

"గిసొంటి మందైతే నొప్పి తగ్గొద్దని మొక్కుకుంట అవ్వా" అని ఎల్లన్న పెదవులు తుడుచుకున్నాడు.

కాసేపటికి నాలుక మీద చీమలు పాకుతున్నట్టుందన్నాడు. జమ్ములమ్మ గరిటెలో మిగిలిన చుక్కను వేలితో నాలుకకు తాకించుకుంది. చిమచిమలాడి, ఆ కొస మొద్దుబారింది. కషాయం ఏనాడూ ఇలా చేయలేదు. ఎల్లన్న చెయ్యి అందుకుని నాడి పట్టుకుంది.

ఎల్లన్న వాంతులు చేసుకున్నాడు. చేతులు చల్లబడ్డాయి. పట్టుకున్న నాడి రెండుసార్లు కొట్టి ఆగింది. మళ్లీ కొట్టింది, తడబడుతూ. దయ్యపు గాలి సోకిందంటే ఊరు నమ్ముతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. రాధమ్మ ముఖం చూసి మింగేసింది.

"నా చేతి తప్పు, బిడ్డా. సారల నానేస్తే గింత విషం దిగుతదని నాకు తెల్వదు."

రాధమ్మ తిట్టలేదు. "చెయ్యి ఇడువకు" అంది, అంతే.

మధ్యాహ్నం దాటాక నాడి కొంచెం కుదురుకుంది. చలేస్తోందని ఎల్లన్న గొణిగాడు. అప్పుడే దొర మనిషి భీమన్న గుమ్మంలో నిలబడి, మూటలు ఎదురుచూస్తున్నాయన్నాడు. జమ్ములమ్మ ఎల్లన్న చేతిని రాధమ్మ చేతిలో పెట్టి లేచింది.

"ఆయన బదులు నేనొస్త."

"నువ్వేం మోస్తవే ముసల్దానా?"

"మోసినకాడికి మోస్త, నడువు."

నాలుక కొస ఇంకా మొద్దుగానే ఉంది. ఊరు దాటేదాకా, వెనక రాధమ్మ ఏడుపు వినబడుతుందేమోనని చెవులు అటే పెట్టి నడిచింది.