కొత్త రక్తం చెప్పిన షుగరు లెక్క

ఇందులో ప్రతి అక్షరం నిజం. కావాలంటే ఒక బందరు లడ్డు తెచ్చి నా చేతిలో పెట్టండి, దాని మీద ఒట్టేస్తాను. నాకు అంతకంటే పవిత్రమైన వస్తువు లేదు. నన్నెరిగినవాళ్లు నేను చెప్పేదాంట్లో సగం కొట్టేసి వింటారని నాకూ తెలుసు. ఈసారి కొట్టేయకండి. ఇది మా బావ కాలికి సంబంధించిన సంగతి.

మా బావ అంటే పెద్దక్క భర్త. నాగాయలంక అవతల రొయ్యల చెరువులు చేస్తాడు. చాలా ఏళ్లుగా షుగరు. వాళ్ల నాన్నకు ఇదే జబ్బుతో కాలి పుండు ముదిరి వేళ్లు తీసేశారు. అందుకే మా అక్క రోజూ పొద్దున్నే బావ మొహం కంటే ముందు పాదాలు చూస్తుంది.

మొన్న ఎండాకాలంలో మోకాళ్ల నొప్పులకని మందుల షాపులో అడిగి కొన్న బిళ్లలు మింగీ మింగీ ఆయనకు కడుపులో పుండు పడింది. లోపల్లోపల రక్తం కారిపోయి, చెరువు గట్టు మీద కళ్లు తిరిగి పడ్డాడు. బందరు ఆసుపత్రికి తెచ్చేసరికి సున్నం కొట్టిన గోడలా ఉన్నాడు. రక్తం ఎక్కించారు. నేనూ ఇచ్చాను. నాది వాళ్లు దాచుకుని, అప్పటికే పరీక్షలు చేసి ఉంచిన ఇంకెవరిదో ఆయనకు ఎక్కించారు. అయినా నాగాయలంక బస్టాండులో టీ తాగుతూ, "బావ ఒంట్లో ఇప్పుడు పారేది నా రక్తమే" అని నలుగురికీ చెప్పుకున్నాను. చెప్పుకోకపోతే టీ రుచిగా ఉండదు కదా.

ఆయన ఇంటికొచ్చి, ఐరన్ బిళ్లలు వేసుకుని, కాస్త రంగు తేలాడు. ఇంకో నెల పోయాక అవనిగడ్డలో మూడు నెలల సగటు చెప్పే షుగరు పరీక్ష చేయించుకున్నాడు. ఎప్పుడూ ఎనిమిదిన్నర కిందికి దిగని అంకె ఐదు పాయింట్ ఏడు వచ్చింది. వెంటనే నాకు ఫోను.

"ఏవోయ్ బావమరిదీ! మీ ఇంటి రక్తం మహిమ చూశావా? షుగరు ఎగిరిపోయింది!"

"బావా, ఆ రక్తం నాది కాదు, ఊరికే అన్నాను..."

"నీకు గొప్పలు చెప్పుకోవడం ఇష్టం ఉండదని తెలుసులే."

నా జీవితంలో నన్ను ఈ మాట అన్న మనిషి ఆయనొక్కడే.

ఆ రోజు నుంచి షుగరు బిళ్లలు మానేశాడు. బందరు నుంచి వచ్చే ప్రతివాడూ లడ్డుల డబ్బాతో రావాలని ఆర్డరు. కాలవ అవతలి రైతులకు కూడా, "మా బావమరిది చేత రక్తం ఇప్పించమంటారా?" అని సలహా ఇస్తున్నాడట. ఇద్దరు నిజంగానే ఫోన్ చేశారు కూడా.

వినాయక చవితి వెళ్లాక అక్క ఫోన్ చేసింది. ఏడుస్తోందో తిడుతోందో తెలియలేదు.

"ఒరేయ్ తమ్ముడూ, మీ బావకి చెరువులో ఆల్చిప్ప గీసుకుంది. బొటనవేలి కింద. మూడు వారాలైంది, మానట్లేదు. పైగా ఆ బురదలోనే తిరుగుతున్నాడు. మీటర్‌తో చూద్దామంటే వేలు ఇవ్వట్లేదు."

సాయంత్రానికి నాగాయలంకలో ఉన్నాను. బావ అరుగు మీద కూర్చుని, కాలికి గుడ్డ చుట్టుకుని, లడ్డు తింటున్నాడు. 

"బావా, ఒక్క చుక్క."

"దేనికోయ్? మూడు నెలల సగటు తెలిశాక ఈ పూట లెక్క ఎందుకు? చెరువుకి మొత్తం మేత లెక్క ఉండగా, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే ఒక్క చెక్ ట్రే చూసి ఏడుస్తావా?"

నాకు మాత్రం ఏం తెలుసు? సగటు అంటే సగటే అనుకున్నాను. చివరికి ఆయనే పెద్దమనిషి తరహాలో, "సరే, నీ తృప్తి కోసం" అని వేలు చాపాడు. మీటర్ మూడువందల పన్నెండు చూపించింది.

"మీటర్ పాడైంది," అన్నాడు.

అక్క తన వేలు పొడుచుకుంది. నూట ఆరు. నా వేలు పొడిచింది. నూట ఇరవై ఒకటి. మళ్లీ బావ వేలు. మూడువందల ఎనిమిది.

"దానికి నా మీద కక్ష," అన్నాడు బావ, ఇంకో లడ్డు తీస్తూ.

అక్క డబ్బా లాక్కుంది. "మీ నాన్నగారికి కట్టు మార్చింది నేనండీ. ఆ వాసన నేను మర్చిపోలేదు. రేపు బందరు వస్తారా, ఇప్పుడే చెరువులో దూకమంటారా?"

"ఆ చెరువులో మొన్ననే రొయ్య పిల్లల సీడ్ వేశానే," అన్నాడు గాభరాగా. కానీ మర్నాడు పొద్దున్నే కారెక్కాడు.

బందరులో డాక్టరమ్మ ముందుగా గాయం చూసింది, తర్వాత అవనిగడ్డ రిపోర్టులో అంకె చూసింది, తర్వాత బావ కళ్ల కింది రెప్పలు లాగి చూసింది.

"ఈ మధ్య రక్తం ఏమైనా పోయిందా అండీ?"

"పోయిందండీ, ఎక్కించారు కూడా. మా బావమరిదిదే."

నేను కిటికీ లోంచి కోనేరు సెంటరు వైపు చూశాను.

"ల్యాబ్‌లో చెప్పారా?"

"అడగలేదండీ."

ఆవిడ విసుగ్గా కలం కింద పెట్టింది. ఎర్రకణం బతికినంతకాలం, అంటే ఇంచుమించు నాలుగు నెలలు, రక్తంలోని చక్కెర దానికి అంటుకుంటూ ఉంటుందట. ఆ అంటుకున్నది కొలిచి సగటు చెబుతారట. "మీ పాత కణాలు కారిపోయాయి. ఎక్కించింది షుగరు లేని మనిషివి అయుంటాయి. ఐరన్ వల్ల ఒళ్లు కొత్తవి గబగబా తయారు చేసింది. కొత్త కణానికి చక్కెర అంటుకునే టైమేదీ? అందుకే అంకె తగ్గింది. షుగరు కాదు."

బావ మొహంలో ఇంకా పట్టుదల పోలేదు. "పెద్ద పరీక్ష కదండీ, అబద్ధం చెబుతుందా?"

"ఎప్పుడు నమ్మాలో తెలిసి చేయించుకోవాలి. ఐరన్ లోపంతో రక్తం తగ్గినవాళ్లకు, మందు మొదలెట్టకముందు, ఇదే అంకె ఉన్నదానికంటే ఎక్కువ కూడా చూపించొచ్చు."

బావ తన కాలికేసి చూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "అంటే... జబ్బొచ్చి పాత రొయ్య పోయిన చెరువులో కొత్త సీడ్ వేసి, వల విసిరి, పడ్డ పిల్లల్ని తూచి, ఈ చెరువు మేతే తినలేదు అన్నట్టా?"

"మేత మాత్రం బస్తాలు బస్తాలు పడుతూనే ఉంది," అంది డాక్టరమ్మ.

"ఓరి నీ... పోయినేడు అవతలి చెరువులో నేను చేసిన తప్పే ఇది!" అని నా వీపు మీద ఒక్కటిచ్చాడు. అందులో నా తప్పేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. కారు దిగిన దగ్గర్నుంచి తను చెబుతున్నదీ అదేనని ఆయన వాదన. చెరువు గురించి చెబితే గంటలో ఎక్కిన మాట, కాలు గురించి అక్క వారాల తరబడి చెబితే ఎక్కలేదు!

గాయం శుభ్రం చేసి కట్టు కట్టారు. ఇన్సులిన్ మొదలుపెట్టారు. రక్తం పూర్తిగా కుదుటపడేదాకా ఆ సగటు పరీక్ష జోలికి వెళ్లొద్దని, పరగడుపున, అన్నం తిన్నాక మీటర్‌తోనే చూసుకోమని, ఒకసారి రెండు మూడు వారాల లెక్క చెప్పే వేరే పరీక్ష చేయిద్దామని డాక్టరమ్మ చెప్పింది. నొప్పి బిళ్లల ఊసెత్తితే మళ్లీ రావద్దంది. బురదలో కాలు పెట్టొద్దంది. దానికి మాత్రం అక్క కుర్చీ వేసుకుని గట్టు మీద కాపలా కాయాల్సి వచ్చింది.

సంక్రాంతికి ముందే గాయం మూసుకుంది. అయిదు వేళ్లూ ఉన్నాయి. అక్క రోజూ సరిచూసుకుంటూనే ఉంది.

ఇక ఒట్టు సంగతి. ఒక్కచోట కాస్త కల్పించాను: బావ పెద్దమనిషి తరహాలో వేలు చాపాడన్నది. ఆయన చాపలేదు. లడ్డు తిని అరుగు మీదే గుర్రు పెట్టి నిద్రపోతుంటే అక్క చెయ్యి పట్టుకుంది, నేను పొడిచాను. చీమ కుట్టిందని గొణిగి అటు తిరిగి పడుకున్నాడు. రెండోసారి కుట్టింది కూడా చీమే. లేచాక అంకెలు చూపిస్తే, వేలు తనే ఇచ్చానని ఇప్పటికీ ఊరంతా చెప్పుకుంటున్నాడు. నా రక్తం ఎక్కిందనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?