వాలు కుర్చీలో కాపురం

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది కాగితాల మీద తప్ప ఎక్కడా వినపడదు. ఇళ్ళల్లో నల్లులు ఎక్కడ దాక్కున్నాయో వెతికిపెట్టడం పని కాబట్టి అందరికీ ఆవిడ నల్లులమ్మ. ఆ పేరుకి ఆవిడ ఏనాడూ నొచ్చుకోలేదు. "డాక్టర్లని రోగం పేరు పెట్టి పిలవరు, నన్ను పిలుస్తారు. పోన్లే, ఎవరికైనా ఇట్టే దొరుకుతాను" అంటుంది. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా నడుం వంగలేదు, మాట అసలే వంగదు. చేతిసంచిలో టార్చి, భూతద్దం, పాత ప్లాస్టిక్ కార్డు, అంటుకునే టేపు, ఉతికి మడతపెట్టిన తెల్ల దుప్పటి ఉంటాయి. మందు డబ్బా మాత్రం ఉండదు. ఎక్కడున్నాయో తేలకుండా మందు కొట్టడం చీకట్లో రాయి విసరడమే అని ఆవిడ నమ్మకం.

ఆ రోజు పొద్దున్నే మూడో అంతస్తులో ఒక ఇంటి కోడలు ఫోను చేసింది. నల్లులమ్మ వెళ్ళేసరికి గుమ్మం బయట, చెప్పుల పక్కన, ప్లాస్టిక్ కవరులో మూతి బిగించి కట్టిన గుడ్డసంచి ఒకటి కనపడింది. లోపలికి అడుగు పెట్టకుండా అక్కడే నిలబడిపోయింది.

"ఇదెవరిది?"

"మా అత్తగారిని చూసుకునే ఆయాది" అంది కోడలు. "మూడు వారాలైంది వచ్చి. ఆవిడొచ్చాకే ఈ బాధ. ఆదివారం పరుపు పారేసి కొత్తది కొన్నాం. అయినా ఆగలేదంటే ఇంకేం కావాలి? సాయంత్రం ఆవిణ్ణి పంపించేస్తున్నాం."

లోపల గోడవారగా ఆయా నిలబడి ఉంది. ఏడవడం అయిపోయిన మొహం. "ఈ మాట మీద పంపిస్తే ఇంకే ఇంట్లోనూ రానివ్వరక్కా" అంది చిన్నగా.

నల్లులమ్మకి ఒళ్ళు మండింది. అయినా కోపాన్ని పక్కన పెట్టి పనిలో పడింది. ఆవిడ పద్ధతి ఒకటే. ఎవరి మీద నింద పడిందో వాళ్ళ సామానే ముందు చూస్తుంది, అదీ అందరి ఎదుటా. గుమ్మంలోనే తెల్ల దుప్పటి పరిచి సంచి విప్పింది. నాలుగు చీరలు, దువ్వెన, మందుల చీటీ. ప్రతి కుట్టూ, జిప్పూ, అడుగు మడతా టార్చి వేసి చూసింది. దుప్పటి దులిపితే బియ్యపు గింజంత మచ్చ కూడా లేదు.

"ఇందులో ఏమీ లేదు. ఇక మీ ఒళ్ళు చూపించండి."

పెద్దావిడ ఎడమ చెయ్యి చాపింది. మోచేతి నుంచి మణికట్టు దాకా మూడు, మళ్ళీ నాలుగు, వరసగా ఎర్రటి దద్దుర్లు. మెడ పక్కన ఇంకో గుంపు. బట్ట కప్పని చోటే ఉన్నాయి. "లేచాక కనపడతాయమ్మాయ్, కుడుతున్నప్పుడు తెలీదు" అంది.

కోడలి చేతుల మీద ఒకటిక్కడ, ఒకటక్కడ. సాయంత్రం బాల్కనీలో కూర్చుంటే కుట్టిన నిమిషాల్లోనే ఉబ్బి, మర్నాటికి తగ్గిపోతున్నాయట. పెద్దావిడ కొడుకు ప్యాంటు పైకి లాగాడు. చీలమండల చుట్టూ సూదిమొనంత చుక్కలు, ఒక్కోదాని నడుమ ఎర్రటి బొట్టు. మోకాలి పైన ఒక్కటీ లేదు.

"దొంగ ఒకడు కాదు, ముగ్గురున్నారు" అంది నల్లులమ్మ. "అమ్మా, నీవి దోమకాట్లు. బాల్కనీ కుండీల కింద పళ్ళేల్లో నీళ్ళు పారబొయ్యి. బాబూ, నువ్వు పిల్లినేమైనా పెంచుతున్నావా?"

కొడుకు పెళ్ళాం వైపు చూసి తల దించుకున్నాడు. మెట్ల కింది పిల్లికి రోజూ పాలు పోస్తున్న సంగతి అలా బయటపడింది. నల్లులమ్మ తెల్ల మేజోళ్ళు తొడిగించి అతన్ని ఆ మెట్ల కింద నాలుగడుగులు వేయించింది. మేజోళ్ళ మీదికి నలుసుల్లాంటి పురుగులు రెండు టపీమని గెంతాయి. పిల్లి పడుకునే గోనెపట్టా మీది నల్లటి పొడిని తడి కాగితం మీద రాస్తే ఎర్రగా దిగింది. అది పిల్లి బొచ్చులో బతికే ఆ గెంతుడు పురుగులు పీల్చి విసర్జించిన రక్తం. పట్టాని మరిగే నీళ్ళలో వేసి, పిల్లిని పశువుల డాక్టరుకి చూపించమంది.

"మరి ఆయాకి ఒక్క దద్దురూ లేదేం? అలవాటైపోయి కాదూ?" కోడలు ఇంకా వదల్లేదు.

"కొందరి ఒంటి మీద కాటు తేలనే తేలదు. కొందరికి పది రోజులకి గానీ రాదు. కాటు దారి చూపిస్తుంది, తీర్పు చెప్పదు. పురుగు దొరికితేనే మాట. కుట్టించుకున్న పెద్దావిడే ఎవర్నీ ఏమీ అనలేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

పెద్దావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పరుపు కొత్తది, శుభ్రంగా ఉంది. మంచం పట్టీలు, తలవైపు చెక్క వెనక, మేకుల కన్నాలు అన్నీ కార్డుతో గీకి చూసింది. ఏమీ లేదు. మంచం మీద కూలబడి ఆలోచించి, ఇంట్లో ఎవరూ అడగని మాట అడిగింది.

"పెద్దమ్మగారూ, మీ మంచం ఏదని అడగడం లేదు. మీరు నిద్రపోయేదెక్కడ?"

"ఈ మంచం పేరుకేనమ్మాయ్. దగ్గొచ్చినప్పట్నించీ వెల్లకిలా పడుకోలేను. ఆ వాలు కుర్చీలోనే కళ్ళు మూస్తాను."

కిటికీ పక్కన ఉన్న ఆ కుర్చీని అప్పటిదాకా ఎవరూ వెతకలేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది వాళ్ళ పని. నల్లులమ్మ కుర్చీ గుడ్డకి దూర్చిన కర్ర ఊడలాగి, ఆ గుడ్డ మడిచి కుట్టిన గొట్టంలోకి టార్చి వేసింది. సిరాచుక్కల్లాంటి నల్లటి మచ్చలు, కొత్తవీ పాతవీ ఒకదాని మీద ఒకటి. గసగసాల్లాంటి తెల్ల గుడ్లు. విడిచిన పొరలు, గోధుమరంగువి. నాలుగు నల్లులు వెలుతురుకి బెదిరి చీలికలోకి పరుగెత్తాయి. ఒకదాన్ని టేపుకి అంటించి కోడలి చేతికిచ్చింది.

"ఈ కుర్చీ ఎప్పుడు కొన్నారు?"

కోడలి గొంతు తగ్గింది. "రెండున్నర నెలలైంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళేవాళ్ళు అమ్ముతుంటే నేనే తెచ్చాను."

"నల్లి పెద్దదయ్యేలోపు ఐదుసార్లు పొర విడుస్తుంది. ఒక్కోసారికి కడుపునిండా రక్తం తాగాలి. అన్నీ కలిసొచ్చినా నెల పైమాటే. ఇక్కడ చివరి పొరలే డజను దాకా ఉన్నాయి, మరకలు దొంతరలు కట్టాయి. మూడు వారాల్లో ఇంత సంసారం కుదరదమ్మా. ఈ మనిషి మీ గడప తొక్కకముందే ఇక్కడ కాపురం ఉంది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, మీరు ఈవిడ మీద పడ్డారు."

నల్లులమ్మ కుర్చీని అక్కడికక్కడే ప్లాస్టిక్ పట్టాలో చుట్టి, అంచులన్నీ టేపుతో మూసింది. వేడి ఆవిరి పట్టేవాళ్ళని పంపిస్తానంది. కిరసనాయిలు జోలికి పోవద్దంది, ఇల్లు అంటుకుంటుంది తప్ప గుడ్లు చావవు. దగ్గు తగ్గేదాకా పెద్దావిణ్ణి అదే గదిలో దిళ్ళు ఎత్తుగా వేసి పడుకోబెట్టాలి, గది మారిస్తే నల్లులూ మారతాయి. మళ్ళీ రెండు వారాలకి తనే వచ్చి చూస్తుంది.

ఆయా కళ్ళు తుడుచుకుని సంచి తెచ్చుకుందామని గుమ్మం వైపు కదిలింది. నల్లులమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు ముట్టుకోకు. బయట పెట్టినవాళ్ళే లోపల పెట్టాలి."

కోడలు మొహం ఎర్రబడింది. బయటికెళ్ళి వంగి, పొద్దున రెండు వేళ్ళతో పట్టుకుని పెట్టిన సంచిని రెండు చేతులా ఎత్తుకుని తెచ్చింది. గోడ పక్కన పెట్టి, "తప్పు నాదే. ఉండిపోండి" అంది.

నల్లులమ్మ దుప్పటి మడుచుకుని మెట్లు దిగింది. ముప్ఫై ఏళ్ళ కిందట ఒక హాస్టల్లో ఇదే నింద వేసి ఆవిణ్ణి పంపించేశారు. వానలో విసిరేసిన ఆవిడ సంచిని ఎవరూ లోపలికి తేలేదు. కింద మెట్టు మీద కాసేపు కూర్చుని, తనివితీరా ఏడ్చి, లేచి తర్వాతి ఇంటికి వెళ్ళింది.