గడ్డం మీది మూడు చుక్కలు

దీవెన మనుషుల ముఖాల్లోకి చూసి మాట్లాడదు. ఫొటోల్లోని ముఖాలను మాత్రం గంటల తరబడి చూస్తుంది. పదో తరగతి అయిన ఏడాదే తల్లి మంచాన పడడంతో చదువు మాని జీడిపిక్కల ఫ్యాక్టరీకి వెళ్ళింది. పిక్కల పెంకులోని జీడి రసం అంటుకుని వేళ్ళు పొక్కిపోతుంటే చూడలేక చర్చి పెద్దాయన ఒకరు పలాస బజారులోని ఫొటో స్టూడియోలో పెట్టించారు. అప్పటినుంచి నాలుగేళ్ళుగా కంప్యూటరు ముందు కూర్చుని పెళ్ళికూతుళ్ళ ముఖాల మీది మచ్చలు తీస్తోంది. ఆ పనిని స్టూడియోలో 'క్లీన్ చెయ్యడం' అంటారు.

ఆ మంగళవారం ఇంకా షట్టరు పూర్తిగా ఎత్తకముందే ఒకతను వంగి లోపలికి వచ్చాడు. పేరు పాండు, మందస దగ్గర పల్లె. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి.

"మా అమ్మ తప్పిపోనాది బాబూ" అన్నాడు స్టూడియో యజమాని లోకేష్‌తో. "సింహాచలంలో గుండు సేయించుకుని నిన్న పొద్దున్నే ఇక్కడే రైలు దిగినాం. నాను మంచినీళ్ళకని ఎల్లి వచ్చీసరికి అమ్మ నేదు. ఏ రైలెక్కీసిందో ఏటో. మనిషికి మతిమరుపు. ఇయ్యాల డయాలసిస్ సేయించాల. రేపు దాటితే ఊపిరందదని డాక్టరు సెప్పీసినాడు."

"ఫొటో ఉందా?"

ఫోనులో ఒక్కటే ఉంది. రెండేళ్ళ కిందటి పెళ్ళిలోది. అతని తల్లి బంగారమ్మ ఎర్ర పట్టుచీర కట్టుకుని, సిగలో కనకాంబరాలు పెట్టుకుని, చెవులకు బరువైన దిద్దులతో నిలబడి ఉంది. ఇప్పుడామెకు జుట్టు లేదు. ఒంటి మీద నీలం నేతచీర. నగలు లేవు.

"గుండుతో ఒక్క ఫొటో అయినా తియ్యలేదేటి?"

"సిగ్గు బాబూ. తీస్తే సంపేత్తానంది."

లోకేష్ దీవెన వైపు తిరిగాడు. "ఏఐలో పెట్టి గుండు చేసీ దీవెనా. తొందరగా."

తప్పు అక్కడే జరిగింది. కంగారులో ఆమె అన్నీ ఒకే వాక్యంలో రాసింది: ఈమెకు గుండు చెయ్యి, నీలం నేతచీర కట్టు, నగలు తియ్యి. రాసేశాక నాలుగేళ్ళ అలవాటు కొద్దీ వేళ్ళే ఇంకో మాట చేర్చాయి: ముఖం క్లీన్‌గా ఉంచు.

నిమిషంలో బొమ్మ వచ్చింది. గుండు, నీలం చీర, బోసి చెవులు. పాండు ఆ గుండును చూడగానే ఏడుపందుకున్నాడు. కన్నీళ్ళలో ఇంకేమీ చూడలేదు. "అమ్మే" అన్నాడు. లోకేష్ దానికింద స్టూడియో నంబరు పెట్టి వాట్సాప్ గ్రూపులన్నింటిలో వేశాడు. పాండు ప్రింట్లు పట్టుకుని బస్టాండుకు పరుగెత్తాడు.

పదిన్నరకు ఫోను మోగింది. లోకేష్ బయట ఉండడంతో దీవెనే ఎత్తింది.

"నాను కాంతాన్ని. సోంపేట టేసను కాడ టీ అమ్ముతాను. నిన్న ఇక్కడ ఒక గుండు ముసల్ది కూకున్నాది. మీ ఫొటో సూసి ఆవిడేనేటో అనుకున్నాను గానీ, కాదు. ఈ ఫొటోలో ఆవిడ ముఖం తెల్లగా నున్నగా ఉన్నాది. నాను సూసినావిడికి గెడ్డం మీద పచ్చబొట్టు, మూడు సుక్కలు. సరేనమ్మా, కాదని సెప్పుదామని సేసినాను."

దీవెన నోరు తెరిచే లోపే లైను తెగిపోయింది.

ఆమె రెండు ఫొటోలనూ పక్కపక్కన తెరిచింది. పెళ్ళి ఫొటోను పెద్దది చేసింది. గడ్డం మీద మూడు ఆకుపచ్చ చుక్కలు. పక్క బొమ్మలో లేవు. క్లీన్ అన్న మాటకు యంత్రం పచ్చబొట్టును కూడా మురికిలా తుడిచేసింది. అదొక్కటే కాదు. ముక్కు సూటిగా అయింది. సాగిన చెవి తమ్మెల్లోని రంధ్రాలు పూడుకుపోయాయి. కళ్ళు ఇంకెవరివో. అసలు ఈ ముసలమ్మ ఎవరు? ఈ భూమ్మీద ఎవరికీ తల్లి కాని మనిషిని తను తయారుచేసి, వెతకమని జిల్లా మీదికి వదిలింది.

కాంతం నంబరుకు తిరిగి చేసింది, ఎవరూ ఎత్తలేదు. చెబితే పని పోతుంది. చెప్పకపోతే మనిషే పోతుంది. గడియారం చూసింది.

మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి పాడైన బొమ్మ మీద కాదు, అసలు ఫొటో మీద. ఒక్కసారికి ఒక్క మార్పు. జుట్టు మాత్రమే తియ్యి. ముఖం, గడ్డం మీది పచ్చబొట్టు, చెవులు, చీర, నిలుచున్న తీరు ఏదీ మార్చకు. వచ్చినదాన్ని అసలు పక్కన పెట్టి, వేలితో ఒక్కొక్కటీ తడుముతూ సరిచూసింది. చుక్కలు మూడూ ఉన్నాయి. దాన్ని విడిగా దాచింది.

తర్వాత చీర. నీలం చీర వచ్చింది గానీ నెత్తిన పొట్టి జుట్టు మొలిచింది. దాని మీదే సరిదిద్దబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. చెడినదాని మీద ఇంకో పూత పూస్తే ముఖం మరికాస్త కరుగుతుంది. దాచుకున్న గుండు బొమ్మకే వెనక్కి వెళ్ళి, గుండు అలాగే ఉండాలని కూడా రాసి, చీర మళ్ళీ మార్చింది. ఈసారి కుదిరింది. దిద్దులు తియ్యమంటే మాత్రం చెవి తమ్మె రంధ్రం మళ్ళీ పూడింది. రెండోసారీ అంతే. చుక్కలు కూడా కాస్త మసకబారాయి.

ఇక యంత్రాన్ని అడగలేదు. చీర కుదిరిన బొమ్మ మీద పెళ్ళి ఫొటోను పొరలా పరిచింది. కణతల కింది నుంచి గడ్డం దాకా, చెవులతో సహా అసలు ముఖమే కనబడేలా ఉంచి మిగతా పొరను మరుగు చేసింది. దిద్దుల మీద పక్క చర్మం రంగు కొంచెం కొంచెం తీసి పూస్తూ చేత్తోనే చెరిపింది. పెద్ద చెవి రంధ్రాలు మిగిలాయి. బంగారమ్మ మళ్ళీ బంగారమ్మలా కనిపించింది.

లోకేష్ వచ్చాడు. దీవెన లేచి నిలబడింది. "అన్నా, పొద్దుటిది తప్పు. నానే సేసినాను. ఆవిడ ముఖం కాదది." ఒక్క ఊపిరిలో అంతా చెప్పేసింది.

లోకేష్ తెర మీది రెండు ముఖాలనూ చూసి కుర్చీలో కూలబడ్డాడు. "ఊరంతా పంపీసినాం కదే తల్లీ!" కాసేపటికి, "బుగ్గలు కూడా లోపలికి పోయాయన్నాడు పాండు. అది కూడా చేసీ మరి."

"వద్దన్నా." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఎంత సిక్కిపోనాదో మనకి తెలీదు. అది ఊహించి ఇంకో మనిషిని గీసేత్తాది. సిక్కిపోనాదని కింద మాటల్లో రాద్దాం."

లోకేష్ తల ఊపి, కింద ఆ మాట రాసి కొత్త ఫొటోను గ్రూపుల్లో వేశాడు.

దీవెన కాంతానికి ఫొటో పంపి మళ్ళీ ఫోను చేసింది. ఈసారి ఎత్తింది.

"అయ్యో నా తల్లీ, ఈవిడే! మజ్జిగ ఇత్తే తాగనేదు, కాళ్ళు వాసిపోనాయి. ఇందాక పట్టాల ఎంబడి నడిసి పోతంటే సూసినాను. ఉండండి, నాను పరిగెడతన్నాను!"

రెండింటికి పాండు దగ్గరనుంచి కబురొచ్చింది. బంగారమ్మ పట్టాల పక్క తుప్పల నీడలో కూలబడి కాంతానికి దొరికింది. ఆయాసంతో మాట రావడం లేదు. ఆటోలో ఆస్పత్రికి తీసుకొచ్చి నేరుగా డయాలసిస్ మిషనుకు పెట్టారు. సాయంత్రానికి, "గుండెల్లో పట్టిన నీరు తగ్గుతున్నాదంట సెల్లీ, బతుకుతాదంట" అన్నాడు. దీవెన గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

లోకేష్ గ్రూపులన్నింటిలో 'దొరికింది, పాత ఫొటో తీసెయ్యండి' అని పెట్టాడు. ఎవరు తీస్తారు? టెక్కలి గ్రూపు వాళ్ళు దాన్ని అప్పుడే ఇంకెవరికో పంపేశారు. ఒకరు ప్రార్థన చెయ్యమని కింద రాశారు కూడా.

ఆరింటికి దీవెన సంచీ భుజాన వేసుకుంటుంటే ఫోను మోగింది. డొంకూరు నుంచి ఎవరో మగమనిషి.

"అమ్మా, మీ ఫొటోలో ముసలావిడ, గుండుతో ఉన్నావిడ, మా ఊర్లో ఉన్నాది. నా కళ్ళతో సూసినాను."

"ఏ ఫొటో బాబూ?" అంది దీవెన. "గెడ్డం మీద సుక్కలున్నాయా?"

"సుక్కలేటి? ముఖం నున్నగా, సక్కగా ఉన్నాది. అచ్చం ఈవిడే."

అది పొద్దున తను తయారుచేసిన, ఈ భూమ్మీద ఎవరిదీ కాని ముఖం. దీవెన ఫోను చెవి దగ్గరే ఉంచి షట్టరు కడ్డీని గట్టిగా పట్టుకుని నిలబడింది.